అంకుల్ అంటే ఎవరు? కుటుంబ జ్ఞాపకాల అనువాదంలో వరసలు, మర్యాదలు

కుటుంబ జ్ఞాపకాలను తెలుగులోంచి ఇంగ్లీషులోకి తీసుకెళ్ళేవాళ్ళు ముందుగా చెప్పే ఫిర్యాదు మన వరసలకు అక్కడ మాటలు లేవని. బాబాయి, పెదనాన్న, మామయ్య ముగ్గురూ అక్కడ అంకులే. పిన్ని, పెద్దమ్మ, అత్తయ్య అందరూ ఆంటీలే. ఫిర్యాదు న్యాయమైనదే గాని, అసలు చిక్కు ఎదురు దిక్కున ఉంది. ఇంగ్లీషులో రాసిన కుటుంబ కథను తెలుగులోకి తెచ్చేటప్పుడు మూలంలో లేని సంగతులు చెప్పి తీరాలి. ఆ 'అంకుల్' అమ్మ తరఫా, నాన్న తరఫా? నాన్నకంటే పెద్దవాడా, చిన్నవాడా? ఆయన 'వచ్చాడా', 'వచ్చారా'? తేల్చుకోకుండా తెలుగులో వాక్యం పూర్తికాదు. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు పోయిన సమాచారాన్ని పక్క వాక్యంలో ఎక్కడో సర్దుకోవచ్చు. తెలుగులోకి వచ్చేటప్పుడు ఊహించి చేర్చింది తప్పయితే మాత్రం ఆ ఇంటి వరసే తప్పుగా అచ్చవుతుంది. ఈ వ్యాసం రెండు దారుల్నీ చూసి, అనువాదకులు వాడుతున్న పద్ధతుల్లో ఏది ఎక్కడిదాకా పనికొస్తుందో తేల్చే ప్రయత్నం.

రెండు భాషల లెక్కలు

తెలుగు వరస ప్రధానంగా మూడు ప్రశ్నలకు జవాబు చెబుతుంది. ఏ తరఫు? పెద్దా, చిన్నా? పెళ్ళికి వరసవుతుందా, కాదా? అమెరికన్ పరిశోధకుడు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో అచ్చయిన పెద్ద గ్రంథంలో ప్రపంచంలోని అనేక జాతుల బంధుత్వ పదాలను పట్టికలుగా వేశాడు. అందులో తమిళ, తెలుగు, కన్నడ వరసలూ ఉన్నాయి. ఈ వరసల వెనక ఒక క్రమమైన లెక్క ఉందని చూపిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అదొకటి. ఆ లెక్కను థామస్ ట్రౌట్‌మన్ 1981లో వచ్చిన 'ద్రవిడియన్ కిన్‌షిప్' పుస్తకంలో వివరంగా విప్పాడు.

అనువాదకులకు ఎక్కువగా పనికొచ్చేది మూడో ప్రశ్న. నాన్న అన్నదమ్ముల పిల్లలు, అమ్మ అక్కచెల్లెళ్ళ పిల్లలు మనకు అన్నలు, తమ్ముళ్ళు, అక్కలు, చెల్లెళ్ళు. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు బావలు, బావమరదులు, వదినలు, మరదళ్ళు. ఇంగ్లీషు వీళ్ళందరినీ 'కజిన్' అన్న ఒక్క మాటలో వేస్తుంది. ఒక జ్ఞాపకంలో ఇలా ఉందనుకోండి: సెలవులకు బావ వచ్చాడని తెలిసి, నిన్నటిదాకా వీధిలో గోళీలాడిన పిల్ల వంటింట్లోంచి బయటికి రాదు. తెలుగు పాఠకుడికి కారణం చెప్పనక్కరలేదు, 'బావ' అన్న మాటే చెప్పేసింది. అదే వాక్యం ఇంగ్లీషులో 'కజిన్ వచ్చాడు' అని మొదలైతే ఆ పిల్ల సిగ్గుకు ఆధారం ఉండదు. పాఠకుడు ఆ అబ్బాయంటే ఆమెకు భయమో కోపమో అనుకుంటాడు. ఇక్కడ మాటతోపాటు కథలోని కారణం కూడా జారిపోయింది.

ఎదురు పక్క కూడా చూడాలి. ఇంగ్లీషు విడదీసి చెప్పేచోట తెలుగు కలిపి చెబుతుంది. అత్త అంటే నాన్న తోబుట్టువు, మేనమామ భార్య, భర్తకో భార్యకో తల్లి. మేనరికాలు మామూలైన సమాజంలో ఈ ముగ్గురూ ఒక్కరే కావచ్చు కాబట్టి మాట కూడా ఒక్కటే. అయినా వాడుకలో తేడా చూపే మార్గం ఉంది. కోస్తా ఇళ్ళలో 'అత్తయ్య' అంటే చాలావరకు చిన్నప్పటి నుంచీ పిలిచే మనిషి, 'మా అత్తగారు' అంటే పెళ్ళితో వచ్చిన మనిషి. మామయ్య, మామగారు కూడా అంతే. గారు కేవలం గౌరవానికే అనుకునే అనువాదకుడు 'మామగారు' దగ్గర బోల్తా పడతాడు, ఎందుకంటే అక్కడ గారు చుట్టరికాన్నే మార్చేసింది. ఇంగ్లీషులో దానికి నేరుగా 'ఫాదర్-ఇన్-లా' రాయడమే సరైనది. పక్కన 'గారు' తగిలించనక్కరలేదు.

ప్రాంతం మారితే ఇదే పని మరోలా తిరుగుతుంది. తెలంగాణలో చాలా ఇళ్ళలో అవ్వ అంటే అమ్మ, మిగతాచోట్ల అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో ఊళ్ళో ముసలావిడో. బాపు, నాయిన, అయ్య, నాన్న నాలుగూ తండ్రులే. కాక, చిన్నాయిన, బాబాయి ఒకరే. చిత్తూరు వైపు జేజి, అబ్బ అని వింటాం. తెలంగాణ జ్ఞాపకంలోని అవ్వను 'గ్రాండ్‌మదర్' చేసిన అనువాదం తన తప్పును తానే బయటపెట్టుకుంటుంది. నాలుగు పేజీల తరవాత ఆ గ్రాండ్‌మదర్ చంటిపిల్లకు పాలిస్తుంటుంది.

ఇంగ్లీషులోకి నాలుగు దారులు

మొదటిది, దగ్గరగా ఉన్న ఇంగ్లీషు మాట వేసి ముందుకు పోవడం. కథలో పెద్దగా పని లేని బంధువులకు ఇదే మంచిది. పెళ్ళిపందిట్లో ఒక్కసారి కనబడి వెళ్ళిపోయే పెదనాన్న 'అంకుల్' అయినా నష్టం లేదు. నష్టం ఒకే సన్నివేశంలో ఇద్దరు అంకుళ్ళు చేరినప్పుడు మొదలవుతుంది. పొలం పంపకాల దగ్గర బాబాయి, మామయ్య ఇద్దరూ మాట్లాడుతుంటే, ఆస్తిలో వాటా ఉన్నది ఎవరికో, అక్క తరఫున వచ్చి కూర్చున్నది ఎవరో ఇంగ్లీషు పాఠకుడికి తెలియాలి. అక్కడ వరస తెలియకపోతే తగాదా కూడా అర్థం కాదు.

రెండోది, తెలుగు మాటను రోమన్ అక్షరాల్లో ఉంచేయడం. ఈ మధ్య ఎక్కువమంది ఇష్టపడేది ఇదే. మునుపటిలా ఆ మాటల్ని ఇటాలిక్ చేయడం, వెనక పదపట్టిక ఇవ్వడం కూడా తగ్గుతున్నాయి. దీని బలం సంభాషణలో ఉంది. 'బాబాయ్' అన్న పిలుపు పాఠకుడికి నాలుగు పేజీల్లో పేరులా అలవాటవుతుంది. బలహీనత వేరేచోట ఉంది. ఒకే మనిషి ఆ ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో వరస. కథకుడికి బాబాయి, నాన్నకు తమ్ముడు, అమ్మకు మరిది, పిన్ని పుట్టింటివాళ్ళకు అల్లుడు. ఈ మాటలన్నీ తెలుగులోనే ఉంచితే ఇంగ్లీషు పాఠకుడు నలుగురు మనుషులు అనుకుంటాడు. అందుకే ఈ పద్ధతి ఎంచుకున్నవాళ్ళు ఒక నియమం పెట్టుకోవాలి: కథనంలో ఒక్కొక్క మనిషికి ఒక్కటే మాట, అది కథకుడి వరస. మిగతావాళ్ళ వరసలు వాళ్ళు మాట్లాడినప్పుడే, అదీ ఎవరితో మాట్లాడుతున్నారో తేటగా తెలిసేచోటే రావాలి.

మూడోది, పదాన్ని విడగొట్టి 'బిగ్ ఫాదర్', 'లిటిల్ మదర్' అనడం. దీనికి నేను ఎక్కడా పెద్దగా ఓటు వెయ్యను. పెదనాన్న అని పిలిచేవాడికి అందులో 'పెద్ద', 'నాన్న' విడివిడిగా వినబడవు. ఇంగ్లీషులో మాత్రం అవే వినబడతాయి. ఇంట్లో మామూలుగా మాట్లాడుకునే మనుషులు ఏదో పురాణం చెబుతున్నట్టు అయిపోతారు.

నాలుగోది, వరసను వదిలేసి పేరు పట్టుకోవడం. ఇంగ్లీషులోనే రాసిన కుటుంబ కథల్లో ఇది గట్టి పద్ధతి. సుజాత గిడ్ల 2017లో వెలువరించిన 'యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్' తల్లి మంజుల, మేనమామ సత్యమూర్తి చుట్టూ తిరుగుతుంది. ఆ మేనమామే శివసాగర్ పేరుతో కవిత్వం రాసిన విప్లవ నాయకుడు. కథనంలో వాళ్ళు మంజుల, సత్యం అన్న పేర్లతోనే నడుస్తారు. రచయిత్రి పుట్టకముందటి కథ ఎక్కువ కాబట్టి, వాళ్ళు అప్పటికి ఎవరికీ అమ్మా కాదు, మామా కాదు. ఆ వయసుల్లో వాళ్ళని స్వతంత్రమైన మనుషులుగా నిలబెట్టడానికి పేరు బాగా పనిచేసింది. ఇంగ్లీషు పాఠకుడికి తికమక కూడా ఉండదు. ఇదే పద్ధతిని తెలుగులో పెడితే ఏమవుతుందో ఆలోచించండి. సొంత తల్లిని పుస్తకం పొడుగునా పేరుతో, 'ఆమె వెళ్ళింది, చదివింది' అంటూ చెప్పడం తెలుగులో మామూలు కథనంలా వినబడదు. కొందరికి కొత్తదనంగా, కొందరికి పెడసరంగా వినబడుతుంది. ఇంగ్లీషులో ఏ రంగూ లేని నిర్ణయం తెలుగులోకి రాగానే ఒక వైఖరిగా మారుతుంది.

ఇవి కాక, మన దేశపు ఇంగ్లీషు తానే కొన్ని మాటలు తయారుచేసుకుంది. తోడల్లుడు కో-బ్రదర్ అయ్యాడు, తోడికోడలు కో-సిస్టర్ అయింది, పెదనాన్న కొడుకు కజిన్ బ్రదర్ అయ్యాడు. వ్యాకరణం దిద్దే ఎడిటర్లు వీటిని కొట్టేస్తుంటారు. పాత్ర ఇంగ్లీషులో మాట్లాడే విజయవాడ గుమాస్తా అయితే ఆ మాటలు అతని నోట్లో అలాగే ఉండాలి. కథకుడి గొంతులోకి మాత్రం ఆలోచించి తెచ్చుకోవాలి.

ఒక ఇల్లు, ఒక వాక్యం

ఈ నాలుగు దారుల్ని ఒక గట్టి ఉదాహరణ మీద పరీక్షిద్దాం. అక్క కూతురిని చేసుకున్న ఇల్లు అనుకుందాం. కథకుడి తండ్రి తన సొంత అక్క కూతురిని పెళ్ళాడాడు. అంటే కథకుడి అమ్మమ్మ, తండ్రికి అక్క. అత్తగారు కూడా. కథకుడి నాయనమ్మ, తల్లికి సొంత అమ్మమ్మ. అత్తగారు కూడా. రెండు మూడు తరాల క్రితం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్ళు అరుదేమీ కాదు. 1955 హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడలు పెళ్ళిని నిషిద్ధ సంబంధాల్లో చేర్చింది. వాళ్ళ ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు కూడా ఇచ్చింది.

ఆ జ్ఞాపకంలో ఒకరోజు తండ్రి అమ్మమ్మతో అంటాడు: "అక్కా, నీ కూతురు నా మాట వినడం లేదే." తెలుగు పాఠకుడికి ఈ ఒక్క వాక్యంలో రెండు సంగతులు తెలుస్తాయి. అతను అత్తగారితో ఫిర్యాదు చేస్తున్నాడు. అల్లుడి హోదాలో కాకుండా తమ్ముడి చనువుతో చేస్తున్నాడు. ఆ 'నీ', చివరి ఏకారం, రెండూ ఆ చనువుకు సాక్ష్యం. బయటి నుంచి వచ్చిన అల్లుడైతే 'అత్తయ్యగారూ, మీ అమ్మాయి' అనేవాడు.

ఇప్పుడు ఇంగ్లీషు. 'సిస్టర్, యువర్ డాటర్' అని మొదలుపెడితే, ఆ డాటర్ మాట్లాడుతున్నవాడి భార్యేనని పాఠకుడికి తట్టదు. మరో మనిషి ఎవరో ఉన్నారని వెతుకుతాడు. 'మదర్-ఇన్-లా' అని పిలిపిస్తే చుట్టరికం తెలుస్తుంది, చనువు చచ్చిపోతుంది. పైగా ఇంగ్లీషులో ఎవరూ అత్తగారిని అలా పిలవరు. అడుగున ఫుట్‌నోట్ వేస్తే పాఠకుడు తగాదా మధ్యలో ఆగి వంశవృక్షం చదవాలి.

నాకు సరిగా అనిపించే దారి ఇది. ఈ వాక్యం రావడానికి ముందే, తండ్రి పెళ్ళి గురించి చెప్పే అధ్యాయంలో, కథకుడి మాటగా ఒక్క వాక్యం ఉండాలి: మా నాన్న తన అక్క కూతురిని చేసుకున్నాడు, పెళ్ళయ్యాక కూడా ఆవిడ ఆయనకు అక్కగానే ఉండిపోయింది, అత్తగారు కాలేదు. మూలంలో ఈ సంగతి ఎక్కడో చెదురుగా ఉంటే దాన్ని ముందుకు తెచ్చుకోవచ్చు. అసలు లేకపోతే రచయితను అడిగి చేర్చాలి. ఆ తరవాత సంభాషణలో 'అక్కా' అని తెలుగులోనే ఉంచితే చాలు. 'నీ కూతురు' అన్న విరుపు ఇంగ్లీషులో కూడా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ మాటతో భార్యను తల్లి ఖాతాలోకి తోసేయడం ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతుంది. చనువును తెలిపే ఏకవచనం మాత్రం పోయింది. దాన్ని వాక్యం తీరులో, మొహమాటం లేని చిన్న మాటల్లో పెట్టుకోవాలి.

ఇదే ఇంట్లో తల్లి వైపు చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. పెళ్ళికి ముందు ఆమె అతన్ని 'మామయ్యా' అని పిలిచింది. పెళ్ళయ్యాక 'ఏమండీ' అంది. నువ్వు కాస్తా మీరు అయింది. ఎత్తుకుని తిప్పిన మనిషి ఒక్క ముహూర్తంతో పేరూ వరసా లేని మనిషయ్యాడు. ఇంగ్లీషులో ముందూ తరవాతా 'యూ' ఒక్కటే. సంభాషణలో దీన్ని చూపడానికి దారి లేదు, కథనంలోనే చెప్పాలి. ఇలా చెప్పడం మూలానికి చేర్పు అని కొందరు అనువాదకులు వెనకాడతారు. మూలంలో క్రియాపదం చెబుతున్న సంగతినే అనువాదం వాక్యంగా చెబుతోంది కాబట్టి అది చేర్పు కిందికి రాదు. అయితే ఒక హద్దు ఉంది. పిలుపు మారిందని చెప్పవచ్చు. ఆ మార్పుకు ఆమె బాధపడిందో లేదో మాత్రం మూలం చెబితేనే చెప్పాలి.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఈ పెళ్ళిని ఇంగ్లీషు పాఠకుడు తన సమాజపు కళ్ళతో చూసి ఉలిక్కిపడవచ్చు. దాన్ని తప్పించాలని చుట్టరికాన్ని మసక చేసి 'దూరపు బంధువు' అని రాసే అనువాదకులు ఆ తరవాతి ప్రతి పిలుపులోనూ అబద్ధం ఆడాల్సి వస్తుంది. తల్లి తన అత్తగారిని 'అమ్మమ్మా' అని పిలిచే పేజీ దగ్గర అది బయటపడుతుంది.

తెలుగులోకి వచ్చే దారి

ఇప్పుడు ఎదురు ప్రయాణం. అమెరికాలోనో ఢిల్లీలోనో పెరిగిన తెలుగు రచయిత ఇంగ్లీషులో ఇలా రాశాడనుకుందాం: మై అంకుల్ కేమ్ టు ద స్టేషన్ విత్ హిజ్ బ్రదర్-ఇన్-లా. ఇంగ్లీషులో ఇది నీళ్ళంత సాఫీ వాక్యం. తెలుగులో మొదటి మాట దగ్గరే ఆగాలి. అంకుల్ బాబాయి కావచ్చు, పెదనాన్న, మామయ్య, పిన్ని భర్త, మేనత్త భర్త ఎవరైనా కావచ్చు. చుట్టమే కాకపోవచ్చు కూడా. విదేశాల్లో పెరిగిన తెలుగు పిల్లలు అమ్మానాన్నల స్నేహితులందరినీ అంకుల్ అనే పిలుస్తారు. ఈ రోజుల్లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పక్కింటాయన కూడా తెలుగులోనే అంకుల్. అలాంటప్పుడు 'అంకుల్' అనే రాయాలి, మామయ్య అని రాస్తే లేని చుట్టరికం కలిపినట్టు. ఇక బ్రదర్-ఇన్-లా. భార్య తమ్ముడైతే బావమరిది, అక్క భర్త అయితే బావ, భార్య అక్కచెల్లెళ్ళలో ఒకరి భర్త అయితే తోడల్లుడు. తెలంగాణలో, రాయలసీమలో అయితే సడ్డకుడు.

ఇలాంటిచోట అనువాదకులు మూడు రకాలుగా చేస్తున్నారు. కొందరు ఊహిస్తారు. మామయ్య అన్న మాట చెవికి ఇంపుగా ఉంటుంది, ఆప్యాయతా వినబడుతుంది కాబట్టి అంకుళ్ళలో చాలామంది మామయ్యలైపోతారు. దీన్ని పట్టుకోవడానికి పుస్తకం చివరిదాకా ఆగాల్సిన పని లేదు. అంకుల్ ఇంటిపేరు కథకుడి ఇంటిపేరే అయితే ఆయన మామయ్య కావడం కష్టం. నాన్న వైపు తాత కర్మ చేసిన కొడుకుల్లో ఆయన ఉంటే ఇక మామయ్య అయ్యే ప్రశ్నే లేదు. ఇంకొందరు పుస్తకంలోని ఇలాంటి ఆధారాలన్నీ ముందే ఏరుకుని ఆ తరవాతే మొదలుపెడతారు. మూడోవాళ్ళు రచయితను అడుగుతారు. జ్ఞాపకాల పుస్తకానికి నవలకు లేని వెసులుబాటు ఇదే: ఆ అంకుల్ నిజంగా ఉన్నాడు, ఆయన ఎవరో తెలిసినవాళ్ళు ఎక్కడో ఉన్నారు.

అడిగినా తెలియని సందర్భాలుంటాయి. ముత్తాత అన్నదమ్ముల్లో ఎవరు పెద్దో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. అప్పుడు కూడా ఊహించక్కరలేదు. వయసు చెప్పకుండా తప్పించుకునే మాటలు తెలుగులో ఉన్నాయి. 'మా ముత్తాత తోడబుట్టినాయన', 'ఆయన అన్నదమ్ముల్లో ఒకరు', 'నాన్న తరఫు చుట్టం', 'వరసకు తాత' అనొచ్చు. పిలుపుల్లో ఇవి పనికిరావు, కథనంలో మాత్రం బాగా ఒదుగుతాయి. 'వరసకు' అన్న మాట మరోచోటా ఆదుకుంటుంది. ఊళ్ళో వేరే కులం ముసలాయన్ని మామా అని పిలిచే అలవాటును చెప్పాలన్నా, దూరపు చుట్టాన్ని దగ్గర చెయ్యాలన్నా తెలుగువాడు చేసేది వరస కలపడమే.

తెలుగు సొంతంగా అడిగే ఇంకో ప్రశ్న నా, మా గురించి. ఇంగ్లీషు 'మై' ప్రతిసారీ 'నా' కాదు. వై.బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో రాసిన 'మై ఫాదర్ బాలయ్య' తెలుగులో 'మా నాయన బాలయ్య' అయింది. మూడు మాటల శీర్షికలో రెండు నిర్ణయాలున్నాయి. మై అన్నది మా అయింది, ఎందుకంటే తెలుగువాడు ఒక్కడే సంతానమైనా మా నాన్న అనే అంటాడు. ఫాదర్ అన్నది నాన్న కాకుండా నాయన అయింది. తెలంగాణలో రైల్వేలో పనిచేసిన ఒక దళిత కుటుంబం కథకు బడిపుస్తకాల నాన్న కంటే ఇంటి నాయన సరిపోయాడు. ప్రాంతం, కులం, తరం మూడూ ఆ ఒక్క మాటతో అట్టమీదే తెలిసిపోయాయి. ఇంగ్లీషు శీర్షికలో ఆ పనంతా బాలయ్య అన్న పేరు ఒక్కటే చేసింది.

వచ్చాడా, వచ్చారా

వరసల కంటే పట్టుకోవడం కష్టమైనవి మర్యాదలు. ఇవి మాటలో కంటే క్రియ చివర ఎక్కువగా ఉంటాయి. ఇంగ్లీషు 'హి' తెలుగులో వాడు, అతను, ఆయన, వారు. 'షి' అది, ఆమె, ఆవిడ, వారు. మగవాడికి వచ్చాడు, వచ్చారు అని రెండు మెట్లు. ఆడమనిషికి వచ్చింది, వచ్చారు. ఆ 'వచ్చింది' అమ్మకూ, ఆవుకూ, బస్సుకూ ఒకటే. కాబట్టి ఆడవాళ్ళ విషయంలో మర్యాదంతా సర్వనామం మీదే నిలబడుతుంది: 'ఆవిడ వచ్చింది' అంటే మర్యాదే, 'అది వచ్చింది' అంటే చనువో చులకనో.

తెలుగులోకి తెచ్చేటప్పుడు చాలామంది సురక్షితమనుకుని పెద్దలందరికీ బహువచనం వేసేస్తారు. నాన్నగారు వచ్చారు, తాతగారు చెప్పారు, మీరు తిన్నారా అని. చదవడానికి మర్యాదగా ఉంటుంది గాని, అది ఒక రకం ఇంటి భాష. చాలా తెలుగు ఇళ్ళలో తండ్రిని నువ్వు అంటారు. అందులో అమర్యాద లేదు. తల్లిని మీరు అనే ఇళ్ళు మరీ తక్కువ. రైతు ఇంటి కథలో, చేతిపనివాళ్ళ ఇంటి కథలో, దళిత కుటుంబం కథలో పిల్లలందరి చేతా తండ్రిని మీరు అనిపిస్తే ఆ ఇల్లు మరో ఇల్లవుతుంది. కథకుడి వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఏడేళ్ళ పిల్లవాడి కళ్ళతో నడిచే అధ్యాయంలో 'తాత వచ్చాడు' అనీ, అరవై ఏళ్ళ మనిషిగా వెనక్కి చూసే అధ్యాయంలో 'తాత వచ్చారు' అనీ రాయడం పొరపాటు కాదు, ఆలోచించి చేస్తే. ఆలోచించకుండా పేజీకో రకంగా మారితే మాత్రం అది ప్రూఫులో దొరకాల్సిన తప్పు.

ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు మర్యాదనంతా మోసుకెళ్ళనక్కరలేదు. ఇంట్లో రోజూ ఉండే మీరు, అండీ వాతావరణంలో భాగం. వాటిని ప్రతిసారీ 'సర్' అనో 'రెస్పెక్టెడ్' అనో చెప్పబోతే మనుషులు ఆఫీసు అర్జీల్లా మాట్లాడతారు. చెప్పి తీరాల్సింది మర్యాద మారిన చోటు. కోపంలో భార్య మీరు నుంచి నువ్వుకు దిగినప్పుడు, కొడుకు ఉద్యోగంలో చేరాక తండ్రి ఏరా అనడం మానేసినప్పుడు, వియ్యంకుడు గారు తీసేసి పేరు పెట్టి మాట్లాడినప్పుడు అక్కడ కథ జరుగుతోంది. ఆ చోటును కథనంలో గట్టిగా పట్టుకుంటే మిగతా పుస్తకమంతా 'యూ' తో నడిచినా ఫరవాలేదు.

మర్యాద ఇవ్వకపోవడం ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. కులం ఉన్న ఊళ్ళో పదేళ్ళ దొర కొడుకు అరవై ఏళ్ళ జీతగాణ్ణి 'ఏరా, ఇటు రా' అని పిలుస్తాడు. ఎల్లయ్యను 'ఎల్లిగా' అంటాడు. పేరు చివర అయ్య తీసేసి గాడు పెట్టడం అక్కడ ఒక వ్యవస్థ. ఇంగ్లీషులో 'కమ్ హియర్' మిగులుతుంది, అవమానం మిగలదు. పరిష్కారం పెద్దది కాదు: ఇద్దరి వయసులూ ఆ వాక్యం పక్కనే ఉండాలి, పేరు రెండు రూపాల్లోనూ కనబడాలి. ఇంటివాళ్ళకు ఎల్లయ్య, దొర ఇంట్లో ఎల్లిగాడు. పాఠకుడు ఒకే పేజీలో రెండూ చూస్తే ఏ వివరణా అక్కరలేదు. తెలుగులోకి వచ్చేటప్పుడు దీనికి ఎదురు ప్రమాదం ఉంది. ఇంగ్లీషు మూలంలో దొర మాట మామూలు 'యూ' గా ఉంటుంది కాబట్టి మర్యాదస్తుడైన అనువాదకుడు దాన్ని మీరు చెయ్యవచ్చు. అలా చేస్తే ఆ దొర మారిపోతాడు, ఆ కుటుంబం పడ్డ బాధ కూడా పుస్తకంలోంచి వెళ్ళిపోతుంది.

బల్లమీద పని

ఇదంతా ఆచరణలో ఎలా? మొదటి అధ్యాయం ముట్టుకునే ముందు రెండు కాగితాలు సిద్ధం చేసుకుంటే సగం చిక్కులు తీరతాయి. ఒకటి వంశవృక్షం, అందులో పుట్టిన క్రమం తప్పకుండా ఉండాలి. అన్న, తమ్ముడు తేలేది అక్కడే. రెండోది పిలుపుల పట్టిక. అడ్డంగా నిలువుగా అవే పేర్లు రాసి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, నువ్వా మీరా, అది ఎప్పుడైనా మారిందా అని నింపాలి. ఎనిమిది మంది ముఖ్యులున్న పుస్తకానికి 56 గళ్ళు వస్తాయి. అందులో చాలావాటికి పని పడదు. పని పడే గళ్ళు ఖాళీగా ఉంటే అవే రచయితకు పంపాల్సిన ప్రశ్నలు. పిలుపు మారిన గళ్ళు ఇంగ్లీషు అనువాదంలో కథనంలోకి ఎక్కాల్సిన చోట్లు.

పూర్తయ్యాక పరీక్ష కూడా తేలికే. తెలుగు అనువాదంలోంచి సంభాషణలు మాత్రం తీసి, ఆ ఇంటి భాష తెలిసిన పెద్దవాళ్ళెవరికైనా చదివి వినిపించాలి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్ళు చెప్పగలిగితే పిలుపులు సరిగా కుదిరినట్టు. 'మా ఇంట్లో ఇలా అనరు' అని ఎక్కడైనా అంటే నిఘంటువు వాళ్ళకు ఎదురు సాక్ష్యం కాదు. ఇంగ్లీషు అనువాదానికి పరీక్ష వేరు. తెలుగు రానివాళ్ళకు ఒక్క అధ్యాయం ఇచ్చి, అందులో ఎంతమంది ఉన్నారో, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పమనాలి. లెక్క ఎక్కువ వస్తే తెలుగు మాటలు ఎక్కువయ్యాయి, తక్కువ వస్తే అంకుళ్ళు కలిసిపోయారు.

ఇన్ని పద్ధతుల్లో ఒక్కటే సరైనదని చెప్పే వీలు లేదు. ఎంచుకునే కొలత మాత్రం చెప్పవచ్చు. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు, కథను కదిలించే వరసనూ మర్యాదనూ కథనంలో ఒకసారి గట్టిగా చెప్పి, మిగతావి వదిలేసే ధైర్యం ఉండాలి. తెలుగులోకి వచ్చేటప్పుడు వదిలేసే వీలు లేదు. అక్కడ ప్రతి అంకుల్‌కూ ఒక వరస, ప్రతి 'యూ'కూ ఒక మెట్టు కావాలి, వాటిని ఆ ఇంటివాళ్ళ నుంచే తెచ్చుకోవాలి. అడగడానికి మనుషులు ఉన్నంతకాలం ఊహించి రాసిన మామయ్యకు సాకు లేదు.